ఎంత ముక్కితే అంత బిగుసుకుంటుంది: బయోఫీడ్‌బ్యాక్‌లో ఏం నేర్పిస్తారు?

డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 37. నల్గొండ దగ్గర ఒక స్కూల్లో టీచర్‌ని. రెండో కాన్పు అయినప్పటి నుంచీ, అంటే పదకొండేళ్లుగా మలబద్ధకం. బాత్రూంలో అరగంట కూర్చుని ముక్కినా కొంచెమే వస్తుంది, ఇంకా లోపలే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక్కోసారి వేలితో తీసుకోవాల్సి వస్తోంది. ఇసబ్గోల్, సిరప్‌లు, మాత్రలు అన్నీ వాడాను. కొలనోస్కోపీ నార్మల్. ఈమధ్య హైదరాబాదులో మలద్వారం ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్ష చేసి, "మీరు ముక్కేటప్పుడు మలద్వారం తెరుచుకోవాల్సింది పోయి మూసుకుంటోంది, బెలూన్ కూడా బయటికి రాలేదు, ఆరు సిట్టింగులు బయోఫీడ్‌బ్యాక్ చేయించుకోండి" అన్నారు. లోపల ట్యూబు పెడతారంటే భయం, సిగ్గు. అది నిజంగా పనిచేస్తుందా? ఈలోగా యూట్యూబ్‌లో చూసి కెగెల్ వ్యాయామాలు చేయమంటారా? మందులు ఆపేయవచ్చా?

ముందుగా ఆ కెగెల్ వ్యాయామాలు మొదలుపెట్టకండి. మొదలుపెట్టి ఉంటే ఇవాళే ఆపేయండి. అవి కండరాలు వదులై మూత్రం, మలం ఆపుకోలేని వారి కోసం. బిగించి పట్టి ఉంచడం నేర్పుతాయి. మీ కండరానికి బిగించడం బాగానే వచ్చు, రానిదల్లా వదలడమే. కటి కండరాల సమస్య అనగానే అందరికీ ఒకే వ్యాయామం రాసిచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. అలా మూడు నెలలు శ్రద్ధగా బిగించి, ఉన్న ఇబ్బందిని ఇంకా పెంచుకుని వచ్చినవారిని నేను చూశాను.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పురీషనాళం చివర మలద్వారం చుట్టూ ఉంగరంలాంటి కండరం ఉంటుంది. దానికి కాస్త పైన ఇంకో కండరం ఉంది. అది ముందున్న ఎముక నుంచి బయల్దేరి, పురీషనాళం వెనక నుంచి చుట్టి, మళ్లీ ముందుకే వచ్చి అతుక్కుంటుంది. ఉయ్యాల తాడులా వెనక నుంచి నాళాన్ని ముందుకు లాగి పట్టి ఉంచుతుంది. నీళ్ల పైపును మడిచి పట్టుకుంటే ధార ఆగినట్టు, ఆ మడత వల్లే మనం నడుస్తున్నా నవ్వుతున్నా మలం లోపల ఆగి ఉంటుంది. మోషన్‌కి కూర్చున్నప్పుడు రెండు పనులు ఒకేసారి జరగాలి. పొట్ట కండరాలు పై నుంచి నెట్టాలి, అదే క్షణంలో ఈ రెండు కండరాలూ వదులవ్వాలి. మీలో నెట్టడం మొదలవ్వగానే ఇవి వదులవ్వడానికి బదులు బిగుసుకుంటున్నాయి. మీరు బలం పెంచేకొద్దీ అవీ బలంగా మూసుకుంటాయి. పదకొండేళ్లుగా మీరు ప్రయత్నం తక్కువ చేసి కాదు, ఎక్కువ చేసి అలసిపోయారు.

ఇలా ఎందుకు అలవాటవుతుందో కొందరిలో చెప్పగలం. కాన్పు తర్వాత నొప్పికి భయపడి బిగబట్టడం, మలద్వారం దగ్గర చీలిక వచ్చి మండటం, స్కూల్లో టాయిలెట్ బాగోలేక సాయంత్రం దాకా ఆపుకోవడం లాంటివి. చాలామందిలో మొదలు ఎక్కడో చెప్పలేం. చికిత్సకు అది తెలియాల్సిన అవసరమూ లేదు. తెలియాల్సింది ఒక్కటే, ఇవి మన మాట వినే కండరాలు. చేతి కండరంలా మనసు పెడితే బిగుస్తాయి, మనసు పెడితే వదులవుతాయి. చేతిని కంటితో చూస్తాం కాబట్టి ఎలా కదులుతోందో తెలుస్తుంది, వీటిని చూడలేం. బయోఫీడ్‌బ్యాక్ అంటే వాటిని తెర మీద కంటికి చూపించడమే. యంత్రం మీ కండరానికి ఏమీ చేయదు. అద్దంలా ఉంటుంది, నేర్చుకునేది మీరే.

ఇప్పుడు ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను. గదిలో మీరు, నేర్పించే థెరపిస్టు తప్ప ఇంకెవరూ ఉండరు. ఆడవారే కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి, అది అడగదగిన విషయమే. పక్కకు తిరిగి పడుకోబెట్టి దుప్పటి కప్పుతారు. పెన్సిల్ కంటే సన్నగా, మెత్తగా ఉండే ట్యూబుకు జెల్లీ రాసి నెమ్మదిగా లోపలికి పెడతారు. దాని మీద ఒత్తిడిని కొలిచే సెన్సర్లు, కొసన చిన్న బెలూను ఉంటాయి. కొన్ని చోట్ల ట్యూబుకు బదులు వేలంత ప్రోబ్ పెట్టి కండరంలో పుట్టే విద్యుత్తును కొలుస్తారు. మత్తు అవసరం లేదు. నొప్పి ఉండదు, మోషన్ వస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత మామూలు కమోడ్ లాంటి కుర్చీలో కూర్చోబెడతారు. ఎదురుగా తెర మీద రెండు గీతలు కదులుతుంటాయి. ఒకటి పురీషనాళంలో ఒత్తిడి, అంటే మీరు నెట్టే బలం. రెండోది మలద్వారం ఒత్తిడి, అంటే ద్వారం ఎంత బిగుసుకుందో. మీరు నెట్టినప్పుడు మొదటిది పైకి లేవాలి, రెండోది కిందికి దిగాలి. సిట్టింగులన్నీ ఈ ఒక్క బొమ్మ కోసమే. ఒక్కో సిట్టింగు దాదాపు గంట పడుతుంది, వారానికో రెండు వారాలకో ఒకటి పెడతారు.

నా దగ్గర చికిత్స తీసుకున్న ఒకామె సంగతి చెప్తే ఇది ఎలా సాగుతుందో తెలుస్తుంది. 41 ఏళ్లు, ఇంట్లో టైలరింగ్ చేసుకుంటుంది. మీలాగే వేలి సాయం తీసుకునేది. మొదటిసారి చూసినప్పుడు ఊరికే కూర్చుంటే ఆమె మలద్వారం ఒత్తిడి 72 ఉండేది, నెట్టమంటే 98కి ఎగబాకింది. బీపీని కొలిచే అంకెల్లాంటివే ఇవి. నెట్టే బలం మాత్రం 25 దగ్గరే ఆగింది. అది సుమారు 40 దాటాలి, మలద్వారం ఒత్తిడి కనీసం ఐదో వంతు తగ్గాలి. ఆమెలో రెండూ తలకిందులుగా ఉన్నాయి. 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపిన బెలూన్‌ని బయటికి పంపడానికి ఒక నిమిషం లోపు చాలు. ఆమె మూడు నిమిషాలు తంటాలు పడినా రాలేదు.

మొదటి సిట్టింగులో థెరపిస్టు తెర జోలికే పోలేదు. ఆమె పొట్ట మీద చేయి పెట్టి నెట్టమంది. ఆమె ఊపిరి బిగబట్టి, పళ్లు కరిచి, ముఖం ఎర్రగా చేసుకుంది. చేయి కింద పొట్ట లోపలికి పోతోంది, పిరుదులు రాయిలా బిగుసుకున్నాయి. ఆమె నెట్టడం అనుకున్నది నిజానికి బిగించడం. అందుకని ఆ రోజంతా ఊపిరి ఒక్కటే నేర్పారు. ముక్కుతో నిదానంగా గాలి పీల్చి పొట్ట బయటికి ఉబ్బేలా చూడాలి. ఆ ఉబ్బును అలాగే ఉంచి, నడుము దగ్గర బెల్టును లోపలి నుంచి పొట్టతో తోస్తున్నట్టు చేయాలి. గొంతు బిగబట్టకుండా నోటితో మెల్లగా గాలి వదలాలి. పాదాల కింద స్టూలు, మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో, మోచేతులు తొడల మీద ఆనించి కాస్త ముందుకు వంగి కూర్చోవాలి. ఇంట్లో ఇది రోజుకు రెండు మూడుసార్లు, పావుగంట చొప్పున చేయమన్నారు.

రెండో సిట్టింగులో తెర చూపించారు. బలమంతా పెట్టి నెట్టగానే రెండు గీతలూ కలిసి పైకి లేచాయి. అప్పుడు ఆమెతో, మీ బలంలో సగం మాత్రమే వాడండి అన్నారు. ఆమెకు అది వింతగా అనిపించింది, ఇన్నేళ్లూ ఎంత బలం పెడితే అంత మంచిదనే నమ్మింది కదా. సగం బలంతో నెట్టినప్పుడు రెండో గీత కదలకుండా ఉండిపోయింది. దిగలేదు కానీ లేవలేదు కూడా. అది మొదటి గెలుపు. ఒక సిట్టింగులో ఇలాంటి ప్రయత్నాలు పది పదిహేనుకు మించి చేయించరు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి, అలసిన కండరం మళ్లీ పాత అలవాటుకే పోతుంది.

మూడో సిట్టింగుకి ఆమె నిరాశగా వచ్చింది. వారమంతా చేశానంది కానీ గీత మళ్లీ పైకే వెళ్తోంది. అడిగితే తెలిసింది, ఊపిరి వ్యాయామం మంచం మీద చక్కగా చేస్తోంది, బాత్రూంలో మాత్రం పొద్దున్నే పిల్లల బస్సు టైము అని తొందరపడి పాత పద్ధతిలోనే ముక్కుతోంది. అంటే రోజుకు మూడుసార్లు కొత్తది నేర్చుకుని, ఒకసారి బలంగా పాతదాన్ని గుర్తుచేసుకుంటోంది. చాలామంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ఆమెకు రెండు నియమాలు పెట్టాం. తిన్న అరగంటలోపే వెళ్లాలి, ఎందుకంటే కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది. ఐదు నిమిషాలు దాటితే వచ్చినా రాకపోయినా లేచి వచ్చేయాలి. పిల్లలు వెళ్లాక టిఫిన్ తిని అప్పుడు వెళ్లడం మొదలుపెట్టింది.

నాలుగో సిట్టింగులో గీత మొదటిసారి కిందికి దిగింది. థెరపిస్టు ఆమెతో, నలుగురిలో కూర్చున్నప్పుడు చప్పుడు కాకుండా గాలి వదలాలంటే ఎలా వదులుతారో అలా చేయండి అంది. ఒక్కసారిగా అర్థమైనట్టు ఆమె ముఖం మారింది. ఎవరికి ఏ మాట తగులుతుందో ముందుగా చెప్పలేం. కొందరికి పువ్వు విచ్చుకున్నట్టు అనుకుంటే వస్తుంది, కొందరికి దవడ వదులు చేయమంటే వస్తుంది. పళ్లు కరిచి పట్టుకుని కింద వదలడం నిజంగానే కష్టం, మీరే ప్రయత్నించి చూడండి. ఆ తర్వాత నీళ్ల బెలూన్‌తో సాధన చేయించారు. మొదట ఆమె నెడుతుంటే థెరపిస్టు ట్యూబును మెల్లగా లాగి సాయం చేసింది, తర్వాత సాయం తగ్గిస్తూ వచ్చింది. ఆరో సిట్టింగు చివర మళ్లీ కొలిచినప్పుడు నెట్టే బలం 48, మలద్వారం ఒత్తిడి 72 నుంచి 50కి దిగుతోంది. బెలూన్ 35 సెకన్లలో వచ్చేసింది. వేలి సాయం నెల క్రితమే మానేసింది. రోజూ మోషన్ అవుతుందని కాదు, వారానికి నాలుగైదుసార్లు అవుతోంది. అయినప్పుడు మాత్రం పూర్తిగా అయిందనిపిస్తోంది. ఈ చికిత్సలో చూడాల్సింది కూడా అదే, ఎన్నిసార్లు అన్నదానికంటే ఎంత పూర్తిగా అన్నది.

కొందరిలో ఇంకో చిక్కు ఉంటుంది. ఏళ్ల తరబడి మలం నిలిచిపోయి పురీషనాళం సాగుతుంది, నిండినా కబురు పంపడం మానేస్తుంది. అలాంటివారికి వచ్చిందన్న భావనే రాదు. వారికి బెలూన్‌లో గాలిని కొద్దికొద్దిగా నింపుతూ, తక్కువ నిండినప్పుడే గుర్తుపట్టడం నేర్పుతారు. మీ రిపోర్టులో ఈ స్పర్శ గురించి ఒక వరుస ఉంటుంది. అది తగ్గిందని రాసి ఉంటే ఈ సాధన కూడా కావాలని అడగండి.

నిజంగా పనిచేస్తుందా అని అడిగారు. మీలాంటి సమస్యకు మందులకంటే బాగా పనిచేస్తుంది, నేను ధైర్యంగా చెప్పగలను. 2006లో ఇటలీలో జరిగిన ఒక అధ్యయనంలో ఇదే సమస్య ఉన్న 109 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వారానికొకటి చొప్పున ఐదు బయోఫీడ్‌బ్యాక్ సిట్టింగులు, రెండో గుంపుకు రోజూ నీళ్లలో కలుపుకుని తాగే పాలిథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చారు. ఆరు నెలలకు బయోఫీడ్‌బ్యాక్ గుంపులో పది మందిలో ఎనిమిది మంది బాగా మెరుగయ్యారు, మందు గుంపులో పది మందిలో ఇద్దరే. ఆ మెరుగు రెండేళ్ల తర్వాత కూడా నిలిచింది. తొలి గుంపులోనూ ప్రతి పది మందిలో ఇద్దరికి గుణం కనిపించలేదు, అదీ గుర్తుంచుకోండి.

ఆ ఇద్దరిలో మీరు ఉండకూడదంటే రోగనిర్ధారణ గట్టిగా ఉండాలి. మానోమెట్రీ ఒక్కటే చూసి ఈ సమస్య ఉందని తేల్చకూడదు. పక్కకు పడుకుని, తెలియనివారి ముందు, సిగ్గుతో నెట్టమంటే ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ చాలామందికి ఆ గీత పైకి లేస్తుంది. అందుకే మానోమెట్రీ, బెలూన్ పరీక్ష, మోషన్ చేస్తుండగా తీసే ఎక్స్‌రే లేదా ఎంఆర్‌ఐ, ఈ మూడింటిలో కనీసం రెండు తేడాగా ఉండాలని నియమం పెట్టుకున్నాం. మీ విషయంలో రెండు తేలాయి, పైగా వేలి సాయం కావాల్సి రావడమూ అటే సూచిస్తోంది. కాబట్టి ఈ చికిత్స మీకు సరైనదే. పేగే నెమ్మదిగా కదిలే రకం మలబద్ధకమైతే, ద్వారం బాగానే తెరుచుకుంటుంటే, బయోఫీడ్‌బ్యాక్ వల్ల పెద్దగా లాభం ఉండదు. మీ డాక్టరు థైరాయిడ్, కాల్షియం పరీక్షలు చేయించి ఉండకపోతే అవి ఒకసారి చేయించండి. ఐరన్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, నిద్రకో తలనొప్పికో ఇచ్చే ఎమిట్రిప్టిలిన్ లాంటివి వాడుతుంటే వారితో చెప్పండి.

మందులు ఒక్కసారిగా ఆపకండి. గట్టిపడ్డ మలంతో వదలడం నేర్చుకోవడం చాలా కష్టం. కొత్తగా సైకిల్ నేర్చుకునేవారిని ఎత్తు మీదికి తొక్కించినట్టు ఉంటుంది. సాధన జరుగుతున్నన్నాళ్లూ మలం మెత్తగా ఉండేలా మీ డాక్టరు ఇచ్చిన పొడి కానీ సిరప్ కానీ కొనసాగించండి. నాలుగో సిట్టింగు దాటాక సులువుగా అవుతుంటే అప్పుడు వారిని అడిగి మోతాదు మెల్లగా తగ్గించవచ్చు. ఇసబ్గోల్ మాత్రం మోతాదు పెంచవద్దు. పీచు మలం పరిమాణాన్ని పెంచుతుంది. ద్వారం మూసుకుని ఉన్నప్పుడు వెనక ఇంకా పోగుచేస్తే ఉబ్బరం తప్ప ఏమీ మిగలదు. ఎక్కువ పీచు తినండి, నీళ్లు తాగండి అన్న సలహా పాటించి ఇంకా బాధపడ్డవారు తప్పు తమదేనని అనుకుంటారు. అది వారి తప్పు కాదు.

ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ఉంటే పాదాల కింద ఏడెనిమిది అంగుళాల ఎత్తు పీట పెట్టుకోండి. గొంతుక్కూర్చుంటే ఇందాక చెప్పిన మడత చాలావరకు సరవుతుంది. మోకాళ్లు సహకరిస్తే ఇండియన్ టాయిలెట్ ఇంకా మంచిది. కానీ కూర్చునే తీరు ఒక్కటే దీన్ని నయం చేయదు, అక్కడ కూర్చుని ముక్కితే అక్కడా బిగుసుకుంటుంది.

సెంటర్ ఎంచుకునేటప్పుడు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. నేను నెట్టేటప్పుడు ఒత్తిడి గీతలు నాకు తెర మీద కనిపిస్తాయా? బెలూన్‌తో సాధన చేయిస్తారా? తడుముకుంటే ఇంకో చోట చూడండి. కొన్ని చోట్ల కండరానికి సన్నని కరెంటు పెట్టి దాన్నే బయోఫీడ్‌బ్యాక్ అంటున్నారు. అందులో మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు. గర్భం ఉంటే కాన్పు అయ్యేదాకా ఆగాలి. నెలసరి రోజుల్లో ఇబ్బందిగా ఉంటే తేదీ మార్చుకోవచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, మోషన్ అలవాటు ఈమధ్య హఠాత్తుగా మారడం కనిపిస్తే కొలనోస్కోపీ ముందు నార్మల్ వచ్చినా సరే, సిట్టింగులు పక్కనపెట్టి మొదట డాక్టరును కలవండి.

ఆరు సిట్టింగులు అయ్యాక మీకు బాగుందనిపించినా బెలూన్ పరీక్ష మళ్లీ చేయమనండి. నిమిషంలోపు వస్తే ఇక మూడు నెలలకు, ఆరు నెలలకు ఒకసారి చూపించుకుంటే చాలు. పాత అలవాటు తిరిగొస్తుంటే ఒకటి రెండు సిట్టింగుల్లో సరిచేయవచ్చు. తెర మీద గీత చక్కగా దిగుతున్నా బెలూన్ రాకపోతే మాత్రం ఇంకో ఆరు సిట్టింగులు చేయించుకోవడంలో అర్థం లేదు. కాన్పులైన ఆడవారిలో పురీషనాళం గోడ ముందుకు సంచిలా ఉబ్బడమో, లోపలే జారి మడత పడటమో ఉండవచ్చు. అది మోషన్ చేస్తుండగా తీసే ఎక్స్‌రేలోనో ఎంఆర్‌ఐలోనో కనిపిస్తుంది. అప్పుడు ఆ పరీక్ష అడగండి.

మొదటి సిట్టింగుకి వెళ్లేముందు రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఏ రోజు వెళ్లారు, ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, గట్టిగా వచ్చిందా మెత్తగానా, పూర్తిగా అయిందా, వేలి సాయం కావాల్సి వచ్చిందా. మానోమెట్రీ రిపోర్టుతో పాటు ఆ పుస్తకాన్ని కూడా థెరపిస్టు చేతిలో పెట్టండి. వేలి సాయం సంగతి మాట్లాడటానికి సిగ్గయితే అందులో రాసి చూపించినా చాలు.